పెళ్లికి ముందు అడిగేవి, అడగనివి

పెద్దలు కుదిర్చిన పెళ్లికీ ప్రేమ వివాహానికీ ఉన్న తేడాను, వధూవరులను ఎవరు ఎంచుకున్నారన్న ఒక్క ప్రశ్నతో తేల్చేయడం లోకంలో అలవాటుగా వస్తోంది. తల్లిదండ్రులు చూసి చేస్తే అది సంబంధం, ఇద్దరూ ఇష్టపడి చేసుకుంటే అది ప్రేమ అని రెండు గదులు కట్టి, ఏ గది మంచిదన్న వాదన తరాలుగా సాగుతోంది. అయితే పెళ్లయిన రెండు మూడేళ్లకు భార్యాభర్తల మధ్య వచ్చే తగవులను దగ్గరగా పరిశీలిస్తే, ఎంపిక ఎవరిదన్న దానికంటే, పెళ్లికి ముందు ఏ సంగతులు నోరు విప్పి అడిగారు, ఏ సంగతులు అడగకుండా వదిలేశారు అన్నదే ఆ తగవులకు ఎక్కువగా మూలమవుతున్నట్టు కనిపిస్తుంది. ఈ ప్రసంగంలో అంచనా అన్న మాటకు అర్థం ఒక్కటే: పెళ్లి తరువాత జీవితం ఇలా నడుస్తుందనీ, ఎదుటివారు ఫలానాది చేస్తారనీ, తాను ఫలానాది చేయవలసి వస్తుందనీ ప్రతి ఒక్కరూ మనసులో వేసుకునే లెక్క. ఆ లెక్క పైకి చెప్పి, అవతలివారు ఔనంటే అది ఒప్పందమవుతుంది. చెప్పకుండా ఉంచుకుంటే, అది తప్పిన రోజున అవతలివారికి తాము చేసిన తప్పేమిటో కూడా తెలియదు.

పెద్దలు కుదిర్చిన పెళ్లిలో అడగడం తప్పు కాదు సరికదా, అడగకపోవడమే తెలివితక్కువ కింద లెక్క. మధ్యవర్తి తెచ్చినా, మ్యారేజి బ్యూరో ఇచ్చినా, మ్యాట్రిమోనీ సైటులో దొరికినా, బయోడేటాలో పుట్టిన తేదీ, నక్షత్రం, గోత్రం, ఎత్తు, చదువు, ఉద్యోగం, జీతం, తోబుట్టువులు, స్థిరాస్తి వరుసగా ఉంటాయి. జాతకాల పొంతన చూసేవారు 36 గుణాలలో కనీసం 18 కుదరాలంటారు. పెళ్లిచూపులకు ముందో తరువాతో అబ్బాయి పనిచేసే చోటా, ఆ కుటుంబం ఉండే వీధిలోనూ గుట్టుగా వాకబు చేస్తారు. తాంబూలాలు పుచ్చుకునే నాటికి ఇచ్చిపుచ్చుకోవడాలు, ఆడపడుచు లాంఛనాలు, పెళ్లి ఎవరింట, భోజనాలు ఎందరికి, విడిది ఎక్కడ అన్నవన్నీ తేలిపోయి ఉంటాయి. ఇంత వివరంగా సాగే ఈ సంప్రదింపులన్నీ రెండు ఇళ్ల మధ్య జరిగేవే తప్ప, కలిసి బతకబోయే ఇద్దరి మధ్య జరిగేవి కావు. ‘మాట్లాడుకుంటారేమో, కాసేపు డాబా మీదికి వెళ్లండి’ అని పెద్దలు ఇచ్చే పది పదిహేను నిమిషాల్లో, కింద కాఫీ గ్లాసుల చప్పుడు వినిపిస్తుండగా, చదువు ఎక్కడ సాగింది, వంట వచ్చా, సినిమాలు చూస్తారా అన్న ప్రశ్నలు తిరుగుతాయి. ఆఫీసులో ఎంత పొద్దుపోతుంది, కోపం వస్తే ఏం చేస్తారు, పిల్లలు ఎప్పుడు, అమ్మాయి జీతం ఎవరి ఖాతాలో ఉంటుంది అన్నవి ఆ డాబా మీద ఎవరూ అడగరు, అడిగినవారిని ‘మరీ గడుసు’ అంటారు.

ఒకప్పుడు ఈ లోటు ఇంతగా బయటపడేది కాదు. తెలుగునాట మేనరికం, అంటే మేనమామతోనో మేనత్త కొడుకుతోనో మేనమామ కొడుకుతోనో పెళ్లి, విస్తారంగా ఉన్న రోజుల్లో అమ్మాయి అడుగుపెట్టే ఇల్లు చిన్ననాటి నుంచి సెలవులకు వెళ్లివచ్చిన ఇల్లే. అత్తగారు మేనత్తే అయినప్పుడు ఆమె కోపమూ, ఆ ఇంటి పొదుపూ, ఎవరి మాట చెల్లుతుందన్నదీ విడిగా అడిగి తెలుసుకోవలసిన పని లేదు. ఆ అలవాటు తగ్గుతూ, సంబంధం పక్క జిల్లాకూ పక్క రాష్ట్రానికీ విస్తరించిన తరువాత పెళ్లి ముక్కూమొహం తెలియనివారి మధ్య జరుగుతోంది. కానీ అడిగే ప్రశ్నల జాబితా మాత్రం ఒకరినొకరు ఎరిగిన కాలంనాటిదే. ఎరిగినవారు అడగనక్కరలేకపోయిన విషయాలను ఎరగనివారు కూడా అడగకుండా వదిలేయడం కుదిర్చిన పెళ్లిలోని అసలు లోపం. మేనరికాన్ని వెనక్కి తేవాలని దీని అర్థం కాదు. దగ్గరి రక్తసంబంధంలో పుట్టే పిల్లలకు వంశపారంపర్య జబ్బుల ముప్పు ఎక్కువన్నది వైద్యశాస్త్రం తేల్చిన విషయమే.

ప్రేమించి పెళ్లాడేవారి సంగతి దీనికి తలకిందులు. వారికి ఒకరి కోపం ఎలా వస్తుందో, ఎంతసేపు ఉంటుందో ఇంకొకరికి తెలుసు. అలిగితే ఫోను ఎత్తరో, గట్టిగా అరుస్తారో తెలుసు. ఏ మాటకు మనసు కష్టపడుతుందో కూడా తెలుసు. తెలియనిది ఇంటి లెక్క. ఎంత అద్దె కట్టగలరు, ఎవరి తల్లిదండ్రులకు నెలనెలా ఎంత పంపాలి, వయసు మళ్లాక వారు ఎవరి దగ్గర ఉంటారు, సంక్రాంతి ఎవరింట, కులమతాలు వేరైతే పిల్లల పేర్లూ పండుగలూ ఎవరి పద్ధతిలో అన్న ప్రశ్నలు ఇద్దరి మనసులోనూ మెదులుతాయి గానీ పైకి రావు. అడిగితే నమ్మకం లేనట్టు ఉంటుందని ఒకరు, అడిగితే బేరమాడినట్టు ఉంటుందని మరొకరు మిన్నకుంటారు. కట్నకానుకల బేరాన్ని అసహ్యించుకుని ప్రేమ వైపు వచ్చినవారికి డబ్బు మాటే బేరంలా వినిపించడం సహజం కూడా. ‘అవన్నీ తరువాత చూసుకుందాం’ అన్న వాక్యం ఆ ఇద్దరి మధ్య ప్రేమకు గుర్తుగా చెల్లుబాటవుతుంది.

ఈ తేడా లోతు ఎంతో, ఒకే ఇంటి పద్దును రెండు రకాల పెళ్లిళ్లలో పెట్టి చూస్తే తెలుస్తుంది. హైదరాబాదులో ఉద్యోగాలు చేసే ఒక జంటను ఊహించుకోవచ్చు: చేతికి వచ్చే జీతం అతనిది 55,000, ఆమెది 45,000, కలిపి నెలకు లక్ష రూపాయలు. అద్దె 20,000, సరుకులు, కరెంటు, గ్యాసు, పనిమనిషి, ఫోన్లు కలిపి 22,000, రాకపోకలకు 8,000, అంటే ఇల్లు నడవడానికి 50,000 పోతుంది. అతని తల్లిదండ్రులు తెనాలి దగ్గర ఒక పల్లెలో ఉంటారు, వారికి నెలకు 8,000 పంపాలి. ఆమె తల్లిదండ్రులకు ఇద్దరూ ఆడపిల్లలే. తండ్రి మందుల ఖర్చుకు ఆమె 6,000 పంపుతుంది. ఇవి కాక అతని చెల్లెలి పెళ్లికి చేసిన అప్పు 5 లక్షలు ఉంది, అదీ నూటికి రెండు రూపాయల వడ్డీకి, అంటే వంద రూపాయలకు నెలకు రెండు రూపాయల చొప్పున. దానిమీద నెలకు 10,000 వడ్డీ మాత్రమే కడుతూ పోతే అప్పు పదేళ్లకైనా అంగుళం కదలదు. నెలకు 20,000 కడితే వడ్డీ పోను మిగిలింది అసలులో తరుగుతూ 35 నెలలకు దాదాపు తీరుతుంది, ఆ 5 లక్షలకు చెల్లించేది మొత్తం 7 లక్షలవుతుంది. ఇవన్నీ కలిపితే ఖర్చు 84,000, మిగులు 16,000. ఇద్దరూ సంపాదిస్తున్నంత కాలం ఈ సంసారం ఒడిదుడుకులు లేకుండానే నడుస్తుంది.

పెళ్లయిన ఏడాదిన్నరకు బిడ్డ పుట్టిందనుకుంటే, పది మందికి తక్కువ కాకుండా పనిచేసే సంస్థల్లో మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల జీతంతో కూడిన ప్రసూతి సెలవు 2017 సవరణ తరువాత చట్టం ఇచ్చిన హక్కు కాబట్టి, ఆ ఆరు నెలలూ గడిచిపోతాయి. సెలవు ముగిసే నాటికి పెళ్లయి రెండేళ్లు. అప్పు మీద 24 వాయిదాలు కట్టి ఉన్నా ఇంకా రెండు లక్షలకు కాస్త తక్కువగా మిగిలే ఉంటుంది. బిడ్డను చూసుకోవడానికి అతని తల్లి పల్లె వదిలి రావాలి, లేదా ఆమె తల్లి రావాలి, లేదా క్రెష్‌లో చేర్చాలి, లేదా ఆమె ఉద్యోగం మానాలి. మానితే, 84,000 ఖర్చుకు 55,000 రాబడి. బిడ్డ పాల డబ్బా, టీకాలు లెక్క వేయకముందే నెలకు 29,000 లోటు. ఆ లోటు కనబడిన నెలలో ఇంట్లో ముందుగా చర్చకు వచ్చేది అప్పు వాయిదా కాదు, అతని తల్లిదండ్రులకు పంపే 8,000 కాదు. ఆమె తండ్రి మందులకు పంపే 6,000. ఆమె జీతం ఆగింది కాబట్టి ఆమె వైపు పంపడం ఆగాలన్నది ఎవరూ పైకి అనకుండానే అమలులోకి వచ్చే సూత్రం.

ఇదే పద్దు కుదిర్చిన పెళ్లిలో ఎలా నడిచిందో చూడాలి. సంబంధం మాట్లాడేటప్పుడు పిల్ల తండ్రి పొలం ఎన్ని ఎకరాలని అడిగాడు, సొంత ఇల్లు ఉందా అని అడిగాడు, ఉద్యోగం పర్మినెంటా అని అడిగాడు. అవతలివారు ‘అమ్మాయి పెళ్లి చేసేశాం, అబ్బాయికి బాధ్యతలేమీ లేవు’ అన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు, కానీ ఆ బాధ్యత తీర్చడానికి తెచ్చిన అప్పు ఆ వాక్యం వెనకే నిలబడి ఉంది. అంతకంటే సూక్ష్మమైన సంగతి ఏమిటంటే, కొడుకు పెళ్లిలో వచ్చే కట్నంతో కూతురి పెళ్లి అప్పు తీర్చాలన్నది ఆ ఇంటి లెక్క; తెలుగు మధ్యతరగతి ఇళ్లలో కట్నం ఒక చేతి నుంచి ఇంకో చేతికి ఇలాగే ప్రయాణిస్తుంది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం ఇవ్వడమూ పుచ్చుకోవడమూ రెండూ నేరమే. అయినా పెళ్లి సందర్భంగా వేరెవరి చేతికైనా అందిన కట్నాన్ని నిర్ణీత గడువులో, పెళ్లికి ముందే అందితే పెళ్లయిన మూడు నెలల్లోగా, వధువుకు అప్పగించాలని అదే చట్టంలోని ఆరో సెక్షను చెబుతుంది. స్త్రీధనం, అంటే పెళ్లిలో ఆమెకు వచ్చిన నగలూ నగదూ వస్తువులూ, పూర్తిగా ఆమె సొత్తేననీ, భర్త గానీ అత్తవారు గానీ దానికి కాపలాదారులు మాత్రమేననీ 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. తన పసుపుకుంకుమల కింద పుట్టింటివారు ఇచ్చిన సొమ్ము ఆడపడుచు పెళ్లి అప్పుకు జమ అయిందని పెళ్లయిన ఆరు నెలలకు తెలిసినప్పుడు, ఆ ఇంటి కోడలికి కష్టం కలిగేది సొమ్ము పోయినందుకే కాదు. పదిమంది కూర్చుని ఇన్ని సంగతులు మాట్లాడుకున్న చోట తనకు సంబంధించిన ఈ ఒక్క సంగతీ తనకు చెప్పలేదన్నందుకు.

ప్రేమ వివాహంలో ఆ అప్పు రహస్యం కాదు. పెళ్లికి రెండేళ్ల ముందే, ఏ క్యాంటీనులోనో కూర్చుని, చెల్లెలి పెళ్లికి తాను తలకెత్తుకున్న భారాన్ని అతను చెప్పి ఉంటాడు. ఇంత బాధ్యత గల మనిషి అని ఆమె అతన్ని మరింత ఇష్టపడి ఉంటుంది కూడా. తండ్రి మందులకు ఆమె పంపే సొమ్మును అతను కూడా అలాగే మెచ్చుకున్నాడు. ఇద్దరికీ ఇద్దరి సంగతీ తెలుసు, కానీ ఆ రెండు సంగతులనూ ఒకే కాగితం మీద రాసి కూడిక వేయలేదు. కుదిర్చిన పెళ్లిలో అప్పు చెప్పకుండా దాగింది. ప్రేమ పెళ్లిలో చెప్పినా లెక్కకు రాలేదు. అంచనాల విషయంలో ఈ రెండు పెళ్లిళ్ల తేడా అంతా ఇందులోనే ఉందనవచ్చు. పైగా కట్నం లేని ఆ పెళ్లిలో అప్పు పూర్తిగా జంట మీదే నిలుస్తుంది. ‘నలుగురూ చూసి చేసుంటే ఈపాటికి అప్పు తీరిపోయేది’ అని పల్లెలో మామగారు ఎవరితోనో అన్న మాట తిరిగి తిరిగి కోడలి చెవిన పడుతుంది.

అడిగే తీరును బట్టి జవాబు మారుతుందన్నది ఇక్కడ గుర్తించవలసిన సంగతి. ‘అప్పులున్నాయా’ అన్న ప్రశ్నకు ‘అబ్బే, పెద్దగా ఏమీ లేవు’ అన్నదే జవాబు, ఎందుకంటే ఆ ప్రశ్న పరువును తాకుతుంది. ‘జీతంలోంచి నెలకు ఇంటికి ఎంత పోతుంది, అది ఇంకా ఎన్నాళ్లు పోవాలి’ అన్న ప్రశ్న పరువును తాకదు, అంకెను అడుగుతుంది. ‘పెళ్లయ్యాక ఉద్యోగం చేయనిస్తారా’ అని అడిగితే ‘మాకేం అభ్యంతరం లేదు’ అంటారు. ‘బిడ్డ పుట్టిన ఏడో నెలలో పొద్దున తొమ్మిదింటికి బిడ్డ ఎవరి దగ్గర ఉంటుంది’ అని అడిగితే అభ్యంతరాలన్నీ వాటంతటవే బయటికి వస్తాయి. ‘మా ఇంట్లో ఎవరూ ఏమీ అనుకోరు’ అన్న జవాబు వచ్చిన చోట ఆ ఇంట్లోవారిని ఇంకా అడగలేదని అర్థం చేసుకోవడం మేలు.

విదేశీ సంబంధాల్లో ఈ అడగకపోవడం ఎంత దూరం పోతుందో చెప్పడానికి అమెరికా ఉదాహరణ చాలు. హెచ్-1బి వీసా మీద పనిచేసే వరుడు సెలవు పెట్టి వచ్చి, ఆ సెలవులోనే చూపులూ పెళ్లీ ముగించుకుని వెళ్లేవాడు; వెనక వెళ్లిన భార్య హెచ్-4 అనే ఆశ్రిత వీసా మీద అక్కడ అడుగుపెట్టేది. ఆ వీసా ఉన్నవారికి ఉద్యోగం చేసే అనుమతి 2015 మే దాకా లేదు, ఆ తరువాత కూడా గ్రీన్‌కార్డు దారిలో భర్త ఒక దశ దాటి ఉంటేనే ఉంది. ఇంజనీరింగు చదివి, ఇక్కడ జీతం తెచ్చుకుంటున్న అమ్మాయికి ఆ సంగతి అక్కడికి వెళ్లాక తెలియడం అరుదేమీ కాదు. కారు ఏ కంపెనీదో కనుక్కున్న పెద్దలకు వీసా నిబంధన కనుక్కోవాలని తట్టలేదు.

ఏ పెళ్లిలో సుఖం ఎక్కువన్న ప్రశ్నకు పరిశోధకులు ఇచ్చిన జవాబులు కొన్ని ఉన్నాయి గానీ వాటిని జాగ్రత్తగా చదవాలి. 1982లో ఉషా గుప్తా, పుష్పా సింగ్ అనే ఇద్దరు పరిశోధకులు జైపూరులో 50 జంటల మీద చేసిన అధ్యయనం చాలా ప్రసిద్ధి. ప్రేమించి పెళ్లాడినవారిలో మొదట ఎక్కువగా ఉన్న ప్రేమ కాలం గడిచేకొద్దీ తగ్గినట్టూ, కుదిర్చిన పెళ్లిళ్లలో మొదట తక్కువగా ఉన్నది పెరిగి ఐదేళ్లు దాటాక మించిపోయినట్టూ అందులో తేలింది. ఈ ఫలితాన్ని కుదిర్చిన పెళ్లి వైపు వకాల్తా పుచ్చుకునేవారు విరివిగా వాడుకుంటారు. కానీ అది యాభై జంటల సంగతి, అదీ ఒకే జంటను ఏళ్లతరబడి వెంబడించి చూసింది కాదు, పెళ్లయి వేరువేరు కాలాలైన జంటలను ఒకసారి పోల్చి చూసింది. 2012లో అమెరికాలోని భారతీయులలో 58 మందిని అడిగి పమేలా రీగన్, ఆమె సహపరిశోధకులు ప్రకటించిన అధ్యయనంలో ప్రేమలో గానీ తృప్తిలో గానీ రెండు రకాల పెళ్లిళ్లకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇవి రెండూ చిన్న అధ్యయనాలే కాబట్టి వీటితో తీర్పు చెప్పడం కంటే, అవి సూచించే ఒక విషయాన్ని పట్టుకోవడం మేలు: ఏ పెళ్లిలో అడుగుపెట్టేవారు ఎంత ఎత్తున అంచనా పెట్టుకుని వస్తారన్నది. కుదిర్చిన పెళ్లిలో తొలినాళ్లలో ఇష్టం కొరతను ఎవరూ వైఫల్యంగా చూడరు, ‘నెమ్మదిగా అదే అలవాటవుతుంది’ అంటారు. ఆ ఓర్పు మంచిదే; అయితే ఏళ్లు గడిచినా అలవాటు కానిదాన్ని కూడా అదే మాటతో భరింపజేయడం దాని చెడ్డ వైపు. ప్రేమ పెళ్లిలో ఇష్టమే పునాది కాబట్టి, ఒక నెల పలకరింపు తగ్గితే పునాదే కదిలినట్టు అనిపిస్తుంది. నిజానికి తగ్గింది తీరిక మాత్రమే కావచ్చు.

తగవు వచ్చినప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లాలన్న విషయంలో ఈ రెండింటికీ ఉన్న తేడా ఇంకా స్పష్టం. కుదిర్చిన పెళ్లిలో భార్యకు గానీ భర్తకు గానీ ‘మీరే చేశారు, మీరే చెప్పండి’ అని పెద్దలను నిలదీసే హక్కు ఉంది, సంబంధం తెచ్చిన మధ్యవర్తి కూడా తలవంచుకుని వచ్చి కూర్చుంటాడు. ఆ పెద్దమనుషులు ఎవరో ఒకరి పక్షం వహించేవారే కావడం, సర్దుకుపొమ్మన్న సలహా తరచు కోడలికే దక్కడం ఆ ఏర్పాటులోని పక్షపాతం. అయినా ఏర్పాటంటూ ఒకటి ఉంది. ప్రేమించి చేసుకున్నవారికి ఆ గుమ్మం దగ్గరే ‘కోరి చేసుకున్నదే కదా’ అన్న మాట ఎదురవుతుంది కాబట్టి, చిన్న తగవును కూడా దాచుకుంటారు, దాచుకున్నది పెద్దదై ఒకేసారి విడిపోవడం దాకా వస్తుంది. తమ ఎంపిక తప్పని ఇతరులు అంటారన్న భయమే వారిని సాయం అడగనివ్వదు.

నన్నయ ఆంధ్రమహాభారతం ఆదిపర్వంలోని శకుంతల కథను ఈ దృష్టితో చదివితే కొత్త సంగతి ఒకటి కనిపిస్తుంది. ధర్మశాస్త్రాలు చెప్పిన ఎనిమిది రకాల వివాహాలలో గాంధర్వం అంటే, పెద్దల అనుమతి కోసం ఆగకుండా ఇద్దరూ ఇష్టపడి చేసుకునేది. కణ్వుడు ఆశ్రమంలో లేని సమయంలో దుష్యంతుడు ఆ వివాహాన్ని ప్రతిపాదించినప్పుడు, భారతంలోని శకుంతల మైమరచి ఔననలేదు. తనకు పుట్టే కుమారుడికే రాజ్యం దక్కాలని షరతు పెట్టి, రాజు మాట ఇచ్చాకే ఒప్పుకుంది. ఉంగరమూ, శాపమూ, మరపూ కాళిదాసు నాటకంలోవి. భారతంలో ఉన్నది చక్కగా అడిగి తీసుకున్న ఒక మాట. ప్రేమించినవారు అడగడానికి మొహమాటపడే సంగతిని ఆమె మొహమాటపడకుండా అడిగింది. ఆమెకు లేనిది సాక్షి. కొడుకును వెంటబెట్టుకుని సభకు వెళ్లిన రోజున రాజు ఎరగనంటే, ఔనని చెప్పడానికి ఆకాశం నుంచి మాట వినిపించవలసి వచ్చింది. ఆ మాట విన్నాక రాజు ఒప్పుకుని, తనకు తెలిసినా లోకం నమ్మదని జంకానంటాడు. ఆ వివరణ శకుంతలకు ఎంతవరకు తృప్తినిచ్చిందో గానీ, ఇద్దరి మధ్య జరిగిన ఒప్పందం ఎంత స్పష్టంగా ఉన్నా మూడోవారికి తెలియకపోతే దాని బలం ఎంతటిదో మాత్రం ఆ సభ చూపింది.

ప్రేమ వివాహం కుదిర్చిన పెళ్లి నుంచి తీసుకోదగినవి అన్నీ ముందే రాసి తేల్చుకునే కాగితమూ, దానికో సాక్షీ. పెళ్లికి ముందు ఒక ఆదివారం ఇద్దరూ తమ తమ జీతం స్లిప్పులు, అప్పుల వాయిదాలు, ఇంటికి పంపే సొమ్ము ఒకే కాగితం మీద రాసి, ఇద్దరి జీతంతో ఒకసారీ ఒక్కరి జీతంతో ఇంకోసారీ కూడిక వేస్తే, ముందు చెప్పిన 29,000 లోటు రెండేళ్ల ముందే కనబడుతుంది. అప్పు వాయిదాను మొదటి రెండేళ్లలో పెంచి కట్టడమో, అద్దె తక్కువ ఇంటికి మారడమో అప్పుడే తేల్చుకోవచ్చు. మిగిలే 16,000లోంచి నెలకు 10,000 అదనంగా ఆ అప్పుకే కడితే అది 35 నెలలకు బదులు రెండేళ్లు తిరగకముందే తీరుతుంది, బిడ్డ పుట్టి సెలవు ముగిసే నాటికి ఆ 20,000 భారమే ఉండదు. లోటు 29,000 నుంచి 9,000కు దిగుతుంది, మందుల సొమ్ము జోలికి వెళ్లకుండా ఆలోచించడానికి వీలు చిక్కుతుంది.

కుదిర్చిన పెళ్లి ప్రేమ వివాహం నుంచి తీసుకోవలసింది ఇద్దరి మధ్య ఏకాంతంగా సాగే సంభాషణ, దానితోపాటు కాదనే హక్కు. ఆషాఢం, మూఢం వంటి ముహూర్తాలు లేని కాలం అడ్డుపడినప్పుడు నిశ్చితార్థానికీ పెళ్లికీ మధ్య కొన్ని నెలల వ్యవధి దానంతటదే వస్తుంది. ఈ మధ్య ఆ నెలలను ఫోను మాటలతో, ఫోటో షూట్లతో నింపుతున్నారు. చీర రంగుల మధ్య ఒక్క సాయంత్రమైనా ఆ కాగితానికి కేటాయిస్తే పెద్దలు అడగని ప్రశ్నలు అడగడానికి అదే సమయం. అయితే తాంబూలాలు పుచ్చుకున్నాక కాదంటే పరువు పోతుందన్న భయం ఉన్నంత కాలం, ఆ సంభాషణలో నచ్చని జవాబు వచ్చినా విననట్టు నటించక తప్పదు. కాబట్టి ఆ మాటలు తాంబూలాలకు ముందే జరగాలి, పది నిమిషాలు కాదు, నాలుగైదు సార్లు. ఈ రెండింటికీ మధ్య, ప్రేమించి పెద్దలను ఒప్పించిన పెళ్లి అని ఒక రకం నగరాల్లో పెరుగుతోంది. అందులో రెండు మంచి గుణాలూ కలవాలి గానీ, పెద్దలు ఒప్పుకోవడమే పదివేలన్న కృతజ్ఞతతో జంట ఏమీ అడగదు, ‘మీ అమ్మాయికి మీ ఇష్టం వచ్చింది పెట్టుకోండి’ అన్న రూపంలో కట్నం వెనక దారిన వచ్చి కూర్చుంటుంది.

ఇంతవరకూ చెప్పినదంతా మాట్లాడితే వినే ఇళ్ల గురించి. 2011-12లో జరిగిన భారత మానవాభివృద్ధి సర్వేలో కులాంతర వివాహాలు దాదాపు 5 శాతమే. ఆ గీత దాటినవారికి పెద్దలతో సంప్రదింపు అన్నది కొన్నిచోట్ల ప్రాణాంతకం. 2018లో మిర్యాలగూడలో ఒక దళిత యువకుడిని, అతను ప్రేమించి పెళ్లాడిన అమ్మాయి తండ్రి కిరాయి మనుషులతో చంపించిన కేసులో నల్లగొండ కోర్టు 2025 మార్చిలో ఒకరికి మరణశిక్ష, మిగిలినవారికి యావజ్జీవ శిక్షలు విధించింది. అటువంటి ఇంట పెద్దల సలహా తీసుకోమనడం అర్థం లేని మాట. అక్కడ ఆధారపడవలసింది చట్టం మీదే: యుక్తవయస్సు వచ్చినవారు ఇష్టమైనవారిని పెళ్లాడవచ్చుననీ, నచ్చని తల్లిదండ్రులు అంతకు మించి ఏమీ చేయలేక రాకపోకలు మాత్రం మానుకోవచ్చుననీ 2006లో లతా సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

రాకపోకలు మానుకున్న ఆ ఇళ్ల జంటకు పెద్దమనుషులు ఎవరన్నదే మిగిలే ప్రశ్న. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకోదలచినవారు, ఇద్దరిలో ఒకరైనా కనీసం 30 రోజులుగా నివసిస్తున్న జిల్లాలోని వివాహాధికారికి నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు కార్యాలయంలో అందరికీ కనబడేలా 30 రోజులు ఉంటుంది. బతికున్న భార్య లేదా భర్త ఉండడం, వయసు చాలకపోవడం, నిషిద్ధ బంధుత్వం వంటి చట్టబద్ధమైన కారణాలతోనే ఎవరైనా అభ్యంతరం చెప్పగలరు, తల్లిదండ్రులకు ఇష్టం లేకపోవడం అందులో లేదు. ఇంట్లోవారికి ముందుగా తెలిసిపోతుందన్న భయంతో చాలామంది ఆ నోటీసును తప్పించుకునే దారులు వెతుకుతారు, ఆ భయం నిరాధారం కూడా కాదు. ఎలాగో నోటీసు గడువు ముగిశాక, పెళ్లి రోజున జంటతో పాటు ముగ్గురు సాక్షులు సంతకం చేయాలి. ఆ ముగ్గురూ చాలాసార్లు అప్పటికప్పుడు ఆఫీసు నుంచి గంట సెలవు పెట్టి వచ్చిన స్నేహితులే, సంతకం చేసి, స్వీట్లు తిని వెళ్లిపోతారు. సంతకం అడిగే రోజునే వారిలో ఇద్దరు వివాహితులను, తమకంటే వయసులో పెద్దవారిని ఎంచుకుని, ఆ ఇంటి లెక్కల కాగితాన్ని వారికి చూపించి, తేడా వస్తే కూర్చోబెట్టి మాట్లాడవలసింది మీరేనని చెప్పి ఒప్పించుకుంటే, కుదిర్చిన పెళ్లిలోని మధ్యవర్తి చేసే పనిని అతని పక్షపాతం లేకుండా చేయగలిగినవారు ఆ జంటకు దొరుకుతారు.